ఎకరాకు 45 టన్నులా, 26 టన్నులా?

ప్రశ్న: అన్నా, నమస్కారం. మాది చింతామణి దగ్గర పల్లె. పన్నెండేళ్లు బెంగళూరులో డ్రైవర్‌గా చేసి, 2019లో ఊరికి తిరిగొచ్చి టమాటా పెట్టాను. ఇప్పుడు హొసకోటలో చిన్న షెడ్డు బాడుగకు తీసుకుని, గ్రేడింగ్ చేసి వైట్‌ఫీల్డ్ వైపు హోటళ్లకు సరుకు వేస్తున్నాను. ఒక పెద్ద కొనుగోలు కంపెనీ, షెడ్డు లోన్ కోసం వెళ్లిన బ్యాంకు, ఇద్దరూ నా గురించి, నా వ్యవసాయం గురించి ఒక పేజీ రాసివ్వమన్నారు. నేను రాసుకున్నది ఇదీ: "25 ఎకరాల్లో 100 శాతం ఆర్గానిక్ టమాటా. ఎకరాకు 45 టన్నుల దిగుబడి. ఏటా 1,100 టన్నులు. టర్నోవర్ 38 లక్షలు." ఇందులో ఏదీ గాల్లోంచి పుట్టించింది కాదు. కానీ మా చెల్లెలు చదివి, "వీటికి కాగితాలు చూపించగలవా?" అంది. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. ఉన్నదున్నట్టు రాస్తే మరీ చిన్నగా కనిపిస్తానేమో. మూడేళ్ల మండీ పట్టీలు, హోటల్ బిల్లులు, స్ప్రే పుస్తకం, భూమి, ఖర్చుల వివరాలు జత చేశాను. చూసి చెప్పండి.

సమాధానం:

తమ్ముడూ, మీ చెల్లెలు అడిగిన ప్రశ్నే బ్యాంకు మేనేజర్ కూడా అడుగుతాడు. కాకపోతే ఆయనకు కాగితాలు కూడా అక్కర్లేదు. మీ పేజీలో ఉన్న రెండు అంకెలు చాలు. 1,100 టన్నులంటే 11 లక్షల కిలోలు. 38 లక్షలను దాంతో భాగిస్తే కిలోకు మూడున్నర రూపాయలు కూడా రాదు. ఆ ధరకు మూడేళ్లపాటు టమాటా అమ్మిన రైతు బతికి బట్టకట్టడు. కాబట్టి ఒక అంకె తప్పో, రెండూ తప్పో అని ఆయనకు ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. ఆ తర్వాత మీరు చెప్పే ప్రతి మాటనూ అనుమానంతోనే వింటాడు.

మీరు పంపిన పట్టీలన్నీ ఒక ఆదివారం కేఆర్ పురంలో మా ఇంట్లో నేలమీద పరుచుకుని పంటవారీగా విడదీశాను. మీరు అబద్ధం రాయలేదు. ప్రతి అంకెకూ ఒక మూలం ఉంది. అయితే ప్రతిచోటా మీకు దొరికిన అత్యుత్తమ అంకెను తీసుకుని, దాన్ని మామూలు అంకె లాగా రాశారు. తేడా అంతా అక్కడే వచ్చింది.

45 టన్నులతో మొదలుపెడదాం. 2022 నవంబరులో నాటిన పంటలో, బోరు పక్కన ఉన్న ఒక్క ఎకరంలో 3,000 బాక్సులు తీశారు. బాక్సు 15 కిలోల లెక్కన 45 టన్నులు. పట్టీలు ఉన్నాయి, నేను నమ్ముతాను. కానీ అదే పంటలో పక్క ఎకరం 2,300 బాక్సులే ఇచ్చింది. అంతకు ముందు మేలో నాటిన రెండెకరాలూ కలిపి 2,160 బాక్సులే, అంటే ఎకరాకు 16 టన్నులు. ఆ ఏడు ఆగస్టు, సెప్టెంబరు వానలకు మీ స్ప్రే పుస్తకంలో వరుసగా అంగమారి తెగులు మందులే కనిపిస్తున్నాయి.

2022 మే నుంచి 2025 మార్చి దాకా మీరు ఆరు పంటలు తీశారు. ప్రతి పంటకూ టమాటా వేసిన ఎకరాలు కలిపితే 13. మొత్తం బాక్సులు 23,000. అంటే 345 టన్నులు, సగటున ఎకరాకు 26.5 టన్నులు. ఇదీ మీ దిగుబడి. కానీ ఈ సగటు ఒక్కటే రాసినా సరిపోదు. మీ మే నాటు పంటకూ నవంబరు నాటు పంటకూ పోలికే లేదు. మే నాటు 16 నుంచి 22.5 టన్నుల మధ్య నడిచింది. నవంబరు నాటు 29 నుంచి 40 దాకా వచ్చింది. వానల్లో తెగులు, ఎండల్లో తెల్లదోమ, దాని వెంట ఆకుముడత, ఇవన్నీ మే నాటు మీదే పడతాయి. ఈ రెండింటినీ విడివిడిగా రాసిన రైతును చూస్తే, టమాటా తెలిసిన కొనుగోలుదారు కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుంటాడు. సగటు రాసేవాళ్లు ఉంటారు, గరిష్ఠం రాసేవాళ్లు చాలామంది ఉంటారు. ఏ నాటులో ఎంత వస్తుందో, ఎందుకు తగ్గుతుందో రాసేవాళ్లు నాకు తక్కువగా కనిపించారు.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. 15 కిలోలనేది మండీ లెక్క. కోలారు వైపు బాక్సు అంటే అదే అర్థం కాబట్టి మనం కాటా వేయకుండానే చెప్పేస్తాం. కంపెనీ గోదాములో మాత్రం ప్రతి క్రేటూ కాటా మీదికి ఎక్కుతుంది, ఖాళీ క్రేట్ బరువు పోగా ఎంతో అంతే రాసుకుంటారు. రేపటి కోతలో పొలం నాలుగు మూలల నుంచి పది బాక్సులు తీసి, కాయలు ఒంపి, ఖాళీ క్రేట్ విడిగా తూచండి. పదింటి సగటు 14 కిలోలే వస్తే మీ 26.5 టన్నులు 25కు దిగుతుంది. ఏ లెక్కన చెబుతున్నారో కాగితంలో ఒక్క ముక్క రాయండి చాలు: "మండీ లెక్కలో బాక్సు 15 కిలోలు" అనో, "కాటా తూకం" అనో.

ఇక 25 ఎకరాలు. మీ పేరున పహణి ఉన్నది 4 ఎకరాలకు. కౌలు 3 ఎకరాలు. మిగతా 18 ఎకరాలు ఎనిమిది మంది పక్క రైతులవి. వాళ్ల భూమిని మీ భూమితో కలిపి ఒక్క అంకెగా రాయకండి. ఎందుకంటే ఆ 18 ఎకరాల్లో ఏం నాటాలో, ఎప్పుడు కోయాలో, ఎవరికి అమ్మాలో నిర్ణయం మీది కాదు. 2023 జూలై గుర్తుందిగా. కోలారు మండీలో 15 కిలోల బాక్సు 2,000 రూపాయలు దాటిన రోజులవి. అలాంటి వారం మళ్లీ వస్తే వాళ్లు మీ షెడ్డుకు తెస్తారా, మండీకి తోలుతారా? మండీకే తోలుతారు, వాళ్ల చోట నేనున్నా అదే చేస్తాను. కాబట్టి పక్క రైతుల దగ్గర లెక్కపెట్టాల్సింది వాళ్ల ఎకరాలు కాదు, వాళ్లు నిజంగా మీ షెడ్డులో దింపిన టన్నులు. 2024-25లో అది 90 టన్నులు. మీ సొంత పంట 116 టన్నులు. కలిపి షెడ్డులోకి వచ్చింది 206 టన్నులు. 1,100 పక్కన 206 చూసి బాధపడకండి. 206కు ప్రతి లోడుకూ చీటీ ఉంది.

మీ 7 ఎకరాల్లో కూడా ఒక్కో పంటకు టమాటా పడేది రెండు, రెండున్నర ఎకరాలే. మిగతా దాంట్లో రాగి, బీన్స్ తిప్పుతున్నారు. మీరు దీన్ని చెప్పుకోవడానికి వెనకాడారు, తక్కువ అనిపిస్తుందని కాబోలు. దీన్ని తప్పకుండా రాయండి. టమాటా మీద టమాటా వేస్తూ పోతే నేలలో ఎండు తెగులు ముదిరి, ఒకటి రెండేళ్లలో పొలమే పనికిరాకుండా పోయిన ఊళ్లు మన చుట్టూ ఉన్నాయి. పంట మార్పిడి చేసే రైతు నాలుగేళ్ల తర్వాత కూడా సరుకు ఇస్తాడని కొనేవాడికి అర్థమవుతుంది.

కౌలు విషయం బ్యాంకు దగ్గర దాచకండి, అలాగని పెంచీ చెప్పకండి. కర్ణాటక భూసంస్కరణల చట్టం ప్రకారం వ్యవసాయ భూమిని కౌలుకివ్వడం చాలావరకు నిషేధం. అందుకే మీ దగ్గర రాతపూర్వక ఒప్పందం లేదు, నోటిమాటే. భూమిని బట్టి ఇచ్చే లోనుకు బ్యాంకు మీ 4 ఎకరాల పహణినే లెక్కలోకి తీసుకుంటుంది. "సొంతం 4, నోటిమాట కౌలు 3" అని రాయండి. సర్వే నంబర్లు రాసే ముందు మాత్రం ఆ భూమి యజమానితో ఒక మాట మాట్లాడండి. ఆయనకు తెలియకుండా ఆయన నంబరు ఒక బ్యాంకు ఫైలులోకి పోకూడదు.

ఇప్పుడు ఆర్గానిక్. మీ స్ప్రే పుస్తకం నీటుగా ఉంది, నాకు సంతోషంగా ఉంది. కానీ ఆ పుస్తకమే మీ 100 శాతాన్ని కొట్టేస్తోంది. వేప నూనె, జీవామృతం ఉన్నాయి నిజమే. వాటి పక్కనే మ్యాంకోజెబ్ అనే రసాయన తెగులు మందు ఉంది, తెల్లదోమకు కొట్టిన మందు ఉంది, డ్రిప్‌లో వదిలిన ఎరువులూ ఉన్నాయి. అది ఆర్గానిక్ కాదు. సరుకు మీద గానీ, అమ్మకం కాగితంలో గానీ ఆ మాట వాడాలంటే ఎన్‌పీఓపీ లేదా పీజీఎస్-ఇండియా అనే ప్రభుత్వ ఆర్గానిక్ పథకాల ధ్రువీకరణ చూపించమని కొనేవాడు అడుగుతాడు, అది అతనికి ఆహార భద్రతా నిబంధనల్లోనే ఉంది. ఎన్‌పీఓపీ కావాలంటే టమాటా లాంటి ఏడాది పంటలకు విత్తడానికి ముందు, రసాయనాలు మానేసి కనీసం రెండేళ్ల మార్పిడి కాలం గడవాలి. మీరింకా ఆ దారి మొదలుపెట్టనే లేదు. పైగా పక్క రైతులు ఏం కొడుతున్నారో మీ పుస్తకంలో లేదు. షెడ్డులో రెండు సరుకులూ ఒకే బల్ల మీద గ్రేడ్ అవుతున్నప్పుడు, మీ పొలం గురించి చెప్పిన మాట ఆ బల్ల మీది ప్రతి కాయకూ అంటుకుంటుంది.

"ఆర్గానిక్" తీసేస్తే ఆ చోట ఏం రాయాలి అంటారా? మీరు నిజంగా చేస్తున్నదే రాయండి. మల్చింగ్ షీటు, డ్రిప్, పసుపు జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు, ముందు వేప నూనె, పురుగు గానీ తెగులు గానీ పెరిగితేనే రసాయన మందు. మందు కొట్టిన తేదీ, పేరు, మోతాదు, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగారో పుస్తకంలో ఉందని చెప్పండి. మందు లేబుల్ మీద కోతకు ముందు ఆగాల్సిన రోజులు రాసి ఉంటాయి. మీ పుస్తకంలో రెండుచోట్ల అంతకన్నా ముందే కోసినట్టు కనిపిస్తోంది. టమాటాను మూడు నాలుగు రోజులకొకసారి కోయాలి కాబట్టి ఇది చాలా పొలాల్లో జరుగుతుంది, నాకు తెలుసు. అయినా "ఆగుతాం" అని కాగితంలో రాసే ముందు దాన్ని సరిచేసుకోండి. మందు అవశేషాల ల్యాబ్ రిపోర్ట్ ఉంటే తేదీతో సహా జతచేయండి. అది ఆ రోజు ఇచ్చిన ఆ శాంపిల్ సంగతే చెబుతుంది. దాన్ని పట్టుకుని "మా సరుకులో మందు అవశేషాలే ఉండవు" అని రాయకండి.

కొనేవాడికి ఏటా ఎన్ని టన్నులన్నది పెద్దగా పనికిరాదు. ఈ సంగతి నేను చాలా కష్టం మీద నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక కంపెనీకి కూరగాయలు సేకరించే పనిలో ఉన్నప్పుడు, హొసకోట దగ్గరి ఒక రైతు తరఫున పరిచయ పత్రం నేనే రాసిచ్చాను. ఆయన ఏడాది దిగుబడిని 365తో భాగించి "రోజుకు 2 టన్నులు" అని వేశాను. మొదటి ఆరు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. తొమ్మిదో వారానికి తోట ముదిరి, కాయ చిన్నదై, రోజుకు 400 కిలోలు కూడా రాలేదు. కంపెనీ ఆయనకిచ్చిన వెండర్ కోడ్ తీసేసింది. ఆయన షెడ్డు మెట్ల మీద కూర్చుని, "అంకె వేసింది మీరే కదా సార్" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు నాదే.

టమాటా నాటిన 65, 70 రోజులకు కోతకొచ్చి, దాదాపు రెండు నెలలు కాసి ఆగిపోతుంది. మీ నిరుటి నవంబరు నాటు చూడండి. రెండున్నర ఎకరాల్లో ఎనిమిది వారాలకు 75 టన్నులు. సగటున వారానికి 9 టన్నులు దాటినా, మొదటి వారమూ చివరి వారమూ నాలుగైదుకు మించలేదు, నడి వారాల్లో పన్నెండు దాకా పోయింది. అందులోనూ హోటల్ గ్రేడ్‌కు నిలిచేది కొంతే. నిరుడు షెడ్డులోకి వచ్చిన 206 టన్నుల్లో హోటళ్లకు పోయింది 140, అంటే వందకు 68. మిగతాది చిన్న కాయ, పగుళ్లు, మచ్చలు. కొంత మండీకి, కొంత పారబోతకు పోయింది. కాబట్టి కొనేవాడి కాగితంలో నెలలు రాయండి, వారానికి కనీసం ఎంత ఇవ్వగలరో రాయండి, అది గ్రేడ్ అయిన సరుకో కాదో రాయండి. కోత లేని నెలల పేర్లు కూడా రాయండి. ఆ నెలలకు అతను ఇంకొకరిని చూసుకుంటాడు, మీ కోత వచ్చేసరికి మళ్లీ మీ దగ్గరికే వస్తాడు. చెప్పకుండా ఖాళీ చూపిస్తే మాత్రం తిరిగి రాడు.

డబ్బు సంగతి బ్యాంకు కోసం. 38 లక్షలు 2023-24ది. ఆ ఏడు మే నాటు పంట సరిగ్గా ధర మండుతున్నప్పుడు కోతకొచ్చింది, 3,000 బాక్సులకు సగటున 900 పడింది. ఆ పంటే 27 లక్షలు. అంతకు ముందు ఏడాది మొత్తం మీద 18.7 లక్షలు, తర్వాతి ఏడాది 21.4 లక్షలు. మూడింటినీ పక్కపక్కన వేసి, మధ్యదాని కింద "2023 జూలై, ఆగస్టు ధరల వల్ల" అని రాయండి. ఆ మేనేజర్ కూడా ఆ ఏడాది టమాటా కొనుక్కుని తిన్నవాడే, ఆయనకు విడమర్చి చెప్పక్కర్లేదు. మీరు ఒక్క 38 చూపించి, ఆయన ఖాతా స్టేట్‌మెంట్‌లో 18 చూసుకుంటేనే ఇబ్బంది.

మీరు మరిచిపోయిన ఒక మంచి సంగతి కూడా ఇక్కడే ఉంది. పక్క రైతుల దగ్గర కొన్న 90 టన్నుల సరుకు అమ్మకం నిరుడు 20 లక్షల దాకా ఉంది. దాన్ని మీరు ఎక్కడా రాయలేదు. రెండూ కలిపితే 41 లక్షలు, మీరు గొప్పగా చెప్పుకున్న 38 కన్నా ఎక్కువ. కానీ ఈ రెండింటినీ కలిపి ఒకే వరుసలో వేయకండి. సొంత పొలంలో పండించి అమ్మినది వ్యవసాయ ఆదాయం. కొని అమ్మినది వ్యాపార ఆదాయం, దానిలో మిగిలిన లాభం మీద ఆదాయపు పన్ను లెక్క ఉంటుంది. ఆ రిటర్ను మీరు వేయలేదనుకుంటాను. లోన్ కాగితం ఇచ్చే ముందే ఆడిటర్ దగ్గర కూర్చుని అది తేల్చుకోండి. షెడ్డు లోనుకు బ్యాంకు చూసేది ఎక్కువగా ఈ వ్యాపారాన్నే.

ఇంకొక్కటి, బ్యాంకు అడగకముందే మీరే చెప్పండి. ఎకరాకు మీ ఖర్చు 2.2 లక్షలని రాశారు. బాక్సు 200 పలికితే ఆ ఖర్చు తిరిగి రావడానికి 1,100 బాక్సులు కావాలి. 2022 మే నాటులో ఎకరాకు వచ్చింది 1,080. ఆ ఏడు ధర 400 ఉంది కాబట్టి గట్టెక్కారు. తక్కువ పంట, తక్కువ ధర ఒకేసారి వస్తే పెట్టుబడి కూడా రాదు, ఆ పంటకు కిస్తీ దేంతో కడతారో రాయండి. మీ రాగి, బీన్స్, హోటల్ మార్జిన్ అక్కడే అక్కరకొస్తాయి.

ఇదంతా కలిపి మీ పేజీ నేనైతే ఇలా మొదలుపెడతాను. మీ మాటల్లోకి మార్చుకోండి.

"చింతామణి తాలూకాలో 2019 నుంచి టమాటా పండిస్తున్నాను. సొంత భూమి 4 ఎకరాలు, నోటిమాట కౌలు 3 ఎకరాలు. ఒక్కో పంటకు 2 నుంచి 2.5 ఎకరాల్లో టమాటా వేసి, మిగతా భూమిలో రాగి, బీన్స్ తిప్పుతాను. 2022 మే నుంచి 2025 మార్చి వరకు ఆరు పంటల్లో 345 టన్నులు తీశాను (బాక్సు 15 కిలోల మండీ లెక్క). సగటు ఎకరాకు 26.5 టన్నులు. మే నాటులో 16 నుంచి 22.5, నవంబరు నాటులో 29 నుంచి 40. అన్నింటికీ మండీ పట్టీలు, బిల్లులు ఉన్నాయి. హొసకోటలో బాడుగ షెడ్డులో గ్రేడింగ్ చేస్తాను. 2024-25లో షెడ్డుకు 206 టన్నులు వచ్చాయి, అందులో 116 నా పొలానివి, 90 ఎనిమిది మంది పక్క రైతులవి. 140 టన్నులు హోటల్ గ్రేడ్‌గా అమ్మాను. పురుగు, తెగులు అదుపుకు ముందు జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు, వేప నూనె వాడతాను. అవసరమైతే రసాయన మందు కొడతాను. నా పొలంలో కొట్టిన ప్రతి మందూ స్ప్రే పుస్తకంలో ఉంటుంది. ఆర్గానిక్ ధ్రువీకరణ లేదు. పక్క రైతుల పొలాలకు స్ప్రే పుస్తకం ఇంకా మొదలుకాలేదు."

చివరి రెండు వాక్యాలు మీకు రాయబుద్ధి కాదు, నాకు తెలుసు. అయినా ఉంచండి. కొనేవాడు పొలం చూడటానికి వచ్చిన రోజు పంపు గది మూలలో ఖాళీ మందు సీసాలు కనిపిస్తే, కాగితంలో ముందే ఉంది కాబట్టి మీరు తలెత్తుకుని మాట్లాడతారు. ఆ ఎనిమిది మందిలో ఇద్దరితోనైనా ఈ నవంబరు నాటు నుంచి పుస్తకం రాయించగలిగితే, ఆఖరి వాక్యాన్ని మార్చి తేదీ వేసి పంపండి.

ఈ పేజీ కింద కొనేవాడికి నెలలవారీ కోత పట్టిక ఒకటి, బ్యాంకుకు మూడేళ్ల అమ్మకాల పట్టిక ఒకటి జతచేయండి. పై పేరా మాత్రం ఇద్దరికీ ఒకటే ఉండాలి. బెంగళూరులో ఈ రంగంలో తిరిగేవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే, మీ రెండు కాగితాలూ ఒకే బల్ల మీదికి చేరే రోజు రావచ్చు. పది బాక్సుల కాటా తూకం అయ్యాక ఆ అంకె నాకు పంపండి, టన్నులన్నీ మళ్లీ లెక్కవేసి ఇస్తాను.